క్యాబ్‌లో చివరగా దిగేది ఎవరు?

ప్రియ మిత్రమా,

మీ ఫ్యాక్టరీలో మహిళలకు రాత్రి షిఫ్టు మొదలవుతోందని, వారి రాకపోకల బాధ్యత నీకు అప్పగించారని చదివినప్పటి నుంచి, గచ్చిబౌలిలో ఒక కాల్ సెంటర్ ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో నేను గడిపిన రాత్రులు గుర్తుకు వస్తున్నాయి.

రోస్టర్ వేసేటప్పుడు మేము ఒక నియమం తప్పక పాటించేవాళ్ళం. క్యాబ్‌లో మొదట ఎక్కేది గానీ, చివరగా దిగేది గానీ మహిళ కాకూడదు. తప్పనిసరైతే సెక్యూరిటీ గార్డు వెంట వెళ్ళాలి. సాయంత్రం కాగితం మీద ఈ నియమం చక్కగానే ఉంటుంది, అర్ధరాత్రి దాటాకే తప్పుతుంది. ఒక రాత్రి కొండాపూర్, మియాపూర్, బాచుపల్లి వరుసలో ముగ్గురు వెళ్ళవలసి ఉండగా, బాచుపల్లిలో దిగవలసిన మగ ఉద్యోగి జ్వరమని ముందే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ సంగతి అతని టీమ్ లీడర్‌కు తెలుసు, మా డెస్కుకు తెలియదు. కొండాపూర్ దాటాక మియాపూర్ అమ్మాయి డ్రైవర్‌తో ఒంటరిగా ప్రయాణించిందని, మరునాడు ఆమె చెబితేనే మాకు తెలిసింది. క్షేమంగా చేరింది గానీ, ఆమె కళ్ళలోని భయాన్ని నేను మరిచిపోలేదు. ఆ తరువాత గేటు దగ్గర గార్డు జాబితా చూసి తలలు లెక్కపెట్టడం, ఒక్కరు తగ్గినా డెస్కు మళ్ళీ అనుమతించేదాకా బండి కదలకపోవడం అలవాటు చేశాము.

డ్రైవర్ యాప్‌లో ట్రిప్పు ముగించినంత మాత్రాన ఆమె ఇల్లు చేరినట్టు కాదు. సందు తవ్వి ఉంటే మెయిన్ రోడ్డు మీదే దింపేస్తారు. అందుకే ఆమె ఇంట్లోకి వెళ్ళి ఫోన్ చేసేదాకా మేము ఆ ట్రిప్పును తెరిచే ఉంచేవాళ్ళం. మీ బస్సులు ఊరి అడ్డరోడ్ల దగ్గర ఆగుతాయి కాబట్టి, షిఫ్టు వదిలే వేళకు ప్రతి స్టాపులోనూ నువ్వే దిగి, ఫోన్ లైటు వేయకుండా ఊళ్ళోకి నడిచి చూడు. దీపం ఎక్కడ లేదో అప్పుడు తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా చెబుతాను. 2025 నవంబర్ 21 నుంచి అమలులో ఉన్న వృత్తి భద్రతా కోడ్ ప్రకారం, రాత్రి 7 తరువాత, ఉదయం 6 లోపు మహిళతో పని చేయించాలంటే ఆమె సమ్మతి ఉండాలి, భద్రతా షరతులు పాటించాలి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్ని కూడా పనిస్థలంగానే లెక్కిస్తుంది. అక్కడ ఎదురయ్యే బయటి వ్యక్తుల నుంచి రక్షించే బాధ్యత కూడా యజమానిదే కాబట్టి, డ్రైవర్ కాంట్రాక్టరు మనిషి అన్న సాకు చెల్లదు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంటుంది. చాలా బస్సుల్లో ఫిర్యాదు కోసమని రాసి ఉండే నంబరు ఆ కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌దే. దాన్ని తీయించి, అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు, అత్యవసరానికి 112 రాయించు.

మీ రూట్ షీటు పంపు. ఏ స్టాపులో ఎవరు ఒంటరిగా మిగులుతారో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మిత్రుడు