వాన పడిన కలలో ఏడుపెందుకు?

చిన్నీకి,

నాన్న దీవెనలు.

"కలలో వాన పడింది కదా నాన్నా, మరి ఏడుస్తూ ఎందుకు లేచినాను?" అని ఫోన్లో అడిగినావు. అప్పుడు బస్సులో ఉండి సరిగా మాట్లాడలేకపోయినా.

మీ అవ్వ నడిగితే వాన కల మంచి శకునం అంటుంది. నాకు ఆ నమ్మకం లేదు. నైరుతి మబ్బు పడమటి కొండల మీదే కురిసేసి మన దగ్గరికి చేరేసరికి వట్టిపోతుంది. కలలను బట్టి కురిసేదైతే అనంతపురానికి ఎప్పుడో కరువు తీరేది.

ఉప్పగా తిని పడుకుంటే నీళ్లు తాగినట్టు కలొస్తుందని ఫ్రాయిడ్ అనే మానసిక వైద్యుడు తన అనుభవమే రాసినాడు. కోరిక కలలో తీరుతుందని ఆయన లెక్క. కానీ 1958లో డిమెంట్, వోల్పర్ట్ అనే ఇద్దరు అమెరికాలో పరీక్ష చేసినారు. నిద్రపోయేవాళ్ల మీద చన్నీళ్లు చిలకరిస్తే, ఒకరి కలలో ఇంటి కప్పు కారింది. దాహంతో పడుకున్న వాళ్లకు మాత్రం నీళ్లు తాగే కల పెద్దగా రాలేదు. కాబట్టి నీ గదిలో కూలర్ తుంపరే వాన అయిందేమో. అది మన ఇంటి ముందే ఎందుకు పడిందన్నది మాత్రం కూలర్ చెప్పదు.

కరువేళ్లలో నాకూ వచ్చేది వాన కల. వాన దంచి కొడుతుంది. నేను చేలో జానెడు తవ్వి, మట్టి పిడికిట్లో నొక్కితే ఉండ కడుతుంది. పదును బాగుంది, గొర్రు కట్టాలి. ఇంట్లోకి పరిగెత్తితే చెనక్కాయ విత్తనం మూట ఉండదు. అమ్మేసి ఉంటాం కదా! టెన్షన్‌తో మెలకువ వచ్చేది. వాన లేదన్న బాధ కన్నా, వస్తే ఏం చేయాలన్న భయం అందులో ఎక్కువ.

వింత ఏమంటే, ఆ తర్వాత నిజంగా వాన పడి విత్తినాక కూడా ఆ కల పోలేదు. తొలివానతో మొలకే వస్తుంది. ఊడలు దిగేటప్పుడు మళ్లీ పడకపోతే కాయ ఊరదు. ఆ రెండో వాన పడినాకే నాకు నిద్ర పట్టింది.

నీ కల వేరు. వసారాలో నిలబడి వాన చూస్తున్నావు, తలుపు తీసే ఉంది, ఎంత పిలిచినా ఇంట్లోంచి ఎవరూ రాలేదన్నావు. నీకు చేను గురించి బెంగ లేదు. వాన పడిందని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేదు, అందుకే ఏడుపొచ్చిందని నాకనిపిస్తుంది. తప్పయితే చెప్పు, నీ కల నీకే బాగా తెలుసు.

మళ్లీ వస్తే లేచిన వెంటనే రాసిపెట్టుకో, ముఖం కడుక్కునేలోగా సగం పోతుంది. మృగశిర దాటినాక విత్తనకాయలు వలవాలి. ఆ శని, ఆదివారాలు వస్తే మీ అమ్మకు చేతిసాయంగా ఉంటుంది.

మీ నాన్న