షాక్‌లో ఉన్న పేషెంట్‌కి వేలి షుగర్ వద్దు

ఒంగోలు ఐసీయూ సిస్టర్స్, బ్రదర్స్ అందరికీ,

ఈ రాత్రి డ్యూటీ నుంచి నార్ అడ్రినలిన్ నడుస్తున్న, చేతులు చల్లబడ్డ పేషెంట్లకి వేలి నుంచి షుగర్ చూడొద్దు. ఆర్టీరియల్ లైన్ నుంచే తీయండి.

ఎందుకంటే వేలి కొనకి రక్తం సరిగా అందదు. నిలిచిన రక్తంలోని గ్లూకోజ్‌ని కణాలు వాడేసుకుంటాయి, మీటర్ తక్కువ చూపిస్తుంది. గట్టిగా పిండితే కణజాలపు నీరు కలిసి అంకె ఇంకా చెడుతుంది. హిమోగ్లోబిన్ 7 ఉంటే చాలా మీటర్లు ఎక్కువ చూపిస్తాయి. అసలు భయం ఇదే: ఇన్సులిన్ డ్రిప్ మీద ఉన్న మనిషికి మీటర్‌లో 110, నిజానికి 60 ఉండొచ్చు. మత్తులో ఉన్నవాళ్లు చెమటలనీ, కళ్లు తిరుగుతున్నాయనీ చెప్పలేరు కదా.

లైన్‌లో డెడ్ స్పేస్‌కి మూడు రెట్లు రక్తం తీసి పక్కన పెట్టి, తర్వాతిదే శాంపిల్‌గా వాడండి. ప్రెషర్ బ్యాగ్‌లో సెలైనే ఉందో లేదో లేబుల్ చదవండి. డెక్స్‌ట్రోజ్ ఉంటే అంకె అబద్ధం.

ఆర్టీరియల్ లైన్ లేదా? డ్రిప్ లేని చేతి సిర నుంచి తీయండి.

అంకె అనుమానంగా ఉంటే ఇన్సులిన్ మార్చకముందే ఏబీజీ మెషీన్‌లోనో ల్యాబ్‌లోనో సరిచూడండి. చార్ట్‌లో అంకె పక్కన ఆర్టీరియల్, సిర, వేలు అని తప్పక రాయండి.

చదివినవాళ్లు ‘ఓకే’ పెట్టండి.