పోల్కీ నెక్లెస్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు

ఒరేయ్ చంద్రం,

బావున్నావా? నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పాప పెళ్లికి విశాఖలో చూసొచ్చిన పోల్కీ నెక్లెస్ కంటికి బాగానే ఉంది, కానీ ఇంకా అడ్వాన్స్ ఇవ్వకు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒకటి తెలుసుకో. కుందన్ అంటే రాయి కాదు, పొదిగే పద్ధతి. మన కుందనం అన్న మాటకే మేలిమి బంగారం అని అర్థం కదా, అదే. పోల్కీ అంటే మాత్రం రాయి, సానబట్టని వజ్రం. దాన్నీ కుందన్ పద్ధతిలోనే పొదుగుతారు. షాపుల్లో మాత్రం గాజు రాళ్లు పెడితే కుందన్ అని, వజ్రం పెడితే పోల్కీ అని అంటారు, నీలాంటివాడు గందరగోళపడేది ఇక్కడే.

జైపూర్‌లో పనిచేసిన రెండేళ్లూ నేను రోజూ చూసింది చెప్తాను. ముందు పలుచని బంగారు రేకుతో గుల్లగా చట్రం కడతారు. వెనకవైపు చెక్కి, గాజుపొడి రంగులు నింపి కొలిమిలో కాల్చి మీనా పని చేస్తారు. తర్వాత ఆ గుల్లలో లక్క పోస్తారు. రాయి కూర్చునేచోట లక్కని తవ్వి, అడుగున వెండి రేకు వేసి, దానిమీద రాయి పెడతారు, పోల్కీకి మెరుపు వచ్చేది ఆ రేకు నుంచే. చివరగా 24 క్యారెట్ల బంగారు పట్టీని రాయి చుట్టూ సన్నటి ఉక్కు పుల్లతో కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ పోతారు. అంత మేలిమి బంగారం నొక్కుడికే దానికదే అతుక్కుపోతుంది, టంకం అక్కర్లేదు. ఒక్క రాయి చుట్టూ తిరగడానికి మా గురువుగారికి అరగంట పట్టేది, ఊపిరి కూడా మెల్లగా తీసేవాడాయన.

ఇప్పుడు నీ డబ్బు పోయే చోటు చూడు. నగ మొత్తం 60 గ్రాములు అనుకో. అందులో పోల్కీ 12 క్యారెట్లు, అంటే 2.4 గ్రాములు. ముత్యాలు, పచ్చపూసలు 9.6, లోపలి లక్క 12. ఇవన్నీ తీసేస్తే బంగారం 36 గ్రాములే. వాళ్లు పోల్కీ ఒక్కటే తీసేసి 57.6 గ్రాములకి బంగారం రేటు కట్టారంటే, లక్కనీ పూసల్నీ బంగారం ధరకి కొన్నట్టే. తరుగు కూడా ఆ బరువు మీదే వేస్తారు. లక్క లోపల మూసుకుపోయి ఉంటుంది, పూర్తయిన నగలో బయటినుంచి ఎవడూ తూచలేడు. కాబట్టి నికర బంగారం బరువు, క్యారెట్, పోల్కీ బరువు విడివిడిగా బిల్లు మీద రాయించు. రాయనంటే లేచి వచ్చెయ్. హాల్‌మార్క్ ఉందిలే అని ధైర్యపడకు, 2021లో దాన్ని తప్పనిసరి చేసినప్పుడు కుందన్, పోల్కీ, జడావు నగలకి మినహాయింపు ఇచ్చారు. క్యారెట్ చూసే మెషీన్‌లో పెట్టి చూపిస్తామంటే చట్రం అంచు మీద పెట్టమను. రాయి చుట్టూ ఉన్నది ఎలాగూ మేలిమే, అక్కడ చూస్తే ఎప్పుడూ గొప్పగానే వస్తుంది.

పనితనం చూడాలంటే నగని వెనక్కి తిప్పు. మంచి మీనా చెక్కిన గాడిలో సమంగా కూర్చుంటుంది, పైపూత రంగు గోరుకి ఉబ్బుగా తగులుతుంది. ముందువైపు చీర కొంగు రాయి అంచుల మీద మెల్లగా లాగు, దారం తట్టుకుంటే నొక్కుడు సరిగా లేదని. చెవి దగ్గర పెట్టి కదుపు, కిలకిలమంటే రాయి వదులైంది. అసలు పోల్కీ రాళ్లు రెండు ఒకేలా ఉండవు, లోపల చిన్న మచ్చలుంటాయి. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే గాజని అనుమానించు. ల్యాబ్‌లో పెంచిన వజ్రాలని కూడా ఇలా కోసి పెడుతున్నారు, అది కంటికి దొరకదు, కాబట్టి సహజ వజ్రం అని బిల్లులో రాయించాల్సిందే.

పెద్దమ్మాయికి కొనాలనుకుంటున్న లక్ష్మీదేవి టెంపుల్ హారం వేరే లెక్క. అది నక్షీ పని, రేకుని లక్క మీద పెట్టి వెనకనుంచి తట్టి బొమ్మ లేపుతారు. రెండు పక్కల నెమళ్లు గీతగీతకీ ఒకేలా ఉంటే అది పోత పోసింది. చేతిపనిలో ఎక్కడో ఒకచోట తేడా కనబడుతుంది. పోత తప్పు కాదు, చేతిపని మజూరీ మాత్రం ఇవ్వకు.

ఇంకో మాట, మా చెల్లి తన సెట్‌ని పండగ ముందు కుంకుడు రసంలో నానబెట్టింది. రాయి అంచులోంచి నీళ్లు దూరి వెండి రేకు నల్లబడింది, నాలుగు రాళ్లు బొగ్గుముక్కల్లా అయిపోయాయి. విప్పి కొత్త రేకు వేసి మళ్లీ పొదగడానికి నాకు మూడు రోజులు పట్టింది. పాపకి చెప్పు, పొడి మెత్తటి గుడ్డే, సెంటు కూడా నగ పెట్టుకోకముందే.

ఆదివారం విజయనగరం రా, పొద్దున్న బండికి. వాళ్లిచ్చిన అంచనా కాగితం తెచ్చుకో, ఇద్దరం కూర్చుని ఒక్కో లైనూ చూద్దాం.

నీ
శీను