బ్లౌజు కుట్టుకు 70 రూపాయలు ఎందుకు పెరిగిందంటే

"అక్కా, లైనింగ్ బ్లౌజుకి మొన్నటిదాకా 450 తీసుకున్నారు, ఇప్పుడు 520 అంటున్నారు. పైగా రెండు రోజుల్లో కావాలంటే కుదరదంటున్నారు. అదే మిషను, అదే మనిషి కదా?"

మనిషి అదే. ఆవిడ గంటలు మాత్రం నేను ఇన్నేళ్లూ లెక్కపెట్టలేదు.

మా షాపులో కుట్టేవాళ్లకు మొదటినుంచీ పీసు లెక్కే. లైనింగ్ బ్లౌజుకు 130 ఇచ్చేదాన్ని. కటింగ్ నాది. కుట్టడం, పైపింగ్, హెమ్మింగ్, హుక్కులు, కాజాలు అన్నీ ఆ 130లోనే. ఎక్కువ కుడితే ఎక్కువ వస్తుంది కదా, ఇంతకన్నా న్యాయం ఏముంటుందని నా ధీమా.

ఆ ధీమా పోయింది ఒక ఉదయం. తొమ్మిదేళ్లుగా మా దగ్గర కుడుతున్న అక్క ఇంటినుంచి తెచ్చిన సంచీ విప్పితే అయిదు బ్లౌజులు, అన్నిటికీ హుక్కులు కుట్టి ఉన్నాయి. ఒకదాని హెమ్మింగ్ మాత్రం కాస్త వంకరగా పోయింది. అడిగితే, "నిద్రొచ్చేసిందమ్మా, సగం మా పాప కుట్టింది" అంది. పాపకు మరుసటి రోజు పరీక్షట.

అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాను. వచ్చిన టైము, వెళ్లిన టైము, ఇంటికి తీసుకెళ్లిన పీసులు, ఖాళీగా కూర్చున్న సేపు, అన్నీ రాయమన్నాను. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక బ్లౌజుకు టైము చూస్తే సరిపోదా అని మా ఆయన అన్నారు. పెళ్లికి ముందు నేను ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టాను, అందుకని ఆ మాట ఒప్పుకోలేదు. వాచీ పట్టుకున్న మనిషి వెనక నిలబడితే చెయ్యి దానంతటదే జోరందుకుంటుంది. ఆ పది నిమిషాల జోరు రోజంతా ఉండదు. ఫ్యాక్టరీల్లో అలసటకూ, దారం మార్చడానికీ, మంచినీళ్లకూ టైము విడిగా కలిపేది అందుకే. అది కలపకుండా టార్గెట్ వేస్తే లైనులో ఎవరూ అందుకోలేరు.

వారం అయ్యాక చూస్తే ఆవిడ 26 బ్లౌజులు కుట్టింది. 130 చొప్పున 3,380 రూపాయలు. షాపులో భోజనం టైము తీసేసి రోజుకు 8 గంటలు, ఆరు రోజులకు 48 గంటలు. గంటకు 70 రూపాయలు దాటి పడుతోంది. మా పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకుండా చూసుకుని, మా షాపు వరకు నేను గీసుకున్న గీత కూడా గంటకు 70. హమ్మయ్య అనుకున్నాను, మనసులో ఏ మూలో కాస్త గర్వం కూడా.

తర్వాత ఇంటికి తీసుకెళ్లిన పని లెక్క వేశాను. హెమ్మింగ్, హుక్కులు, కాజాలకు ఒక్కో బ్లౌజుకు అరగంట. 26 బ్లౌజులకు 13 గంటలు. అంటే ఆ 3,380 వచ్చింది 48 గంటలకు కాదు, 61 గంటలకు. గంటకు 55 రూపాయల చిల్లర. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కట్టాలన్న సంగతి ఈ లెక్కలో ఇంకా రానే లేదు.

"పీసుకు ఇంతని నేనే ఒప్పుకున్నాగా" అని ఆవిడే నాకు సర్దిచెప్పబోయింది. చట్టం దగ్గర ఆ ఒప్పుకోలు చెల్లదు. పీసు రేటు మీద పనిచేసేవాళ్లకు ప్రభుత్వం విడిగా కనీస పీసు రేటు ప్రకటించకపోతే, వాళ్ల చేతికొచ్చేది టైము ప్రకారం రావాల్సిన కనీస వేతనానికి తగ్గకూడదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది ఇదే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. కాబట్టి పీసు లెక్క తప్పు కాదు, గంటలతో సరిచూడకపోవడం తప్పు.

నోట్‌బుక్‌లో ఇంకో సంగతి బయటపడింది. షాపులో ఉన్న 48 గంటల్లో 8 గంటలు కొత్త బ్లౌజు మీద పడనే లేదు. నేను కటింగ్ ఇచ్చేదాకా ఎదురుచూడటం, కరెంటు పోవడం, మ్యాచింగ్ దారం కోసం కొట్టుకు పరిగెత్తడం కలిపి 5 గంటలు. ఆల్టరేషన్లు 3 గంటలు. వీటికి ఆవిడకు ఒక్క రూపాయి రాలేదు. ఇందులో మీ వాటా కూడా కాస్త ఉందండోయ్, ఆది జాకెట్టు ఇవ్వకుండా "పోయినసారి కొలతలే" అనేవాళ్ల బ్లౌజులే ఎక్కువగా ఆల్టరేషన్‌కు వస్తాయి.

మిగిలిన 40 గంటల్లో 26 బ్లౌజులంటే ఒక్కోదానికి సుమారు 92 నిమిషాలు. కొత్త రేటుకు బ్రిటన్‌లో వాడే పద్ధతి ఒకటి తీసుకున్నాను. అక్కడ పనివాళ్ల సగటు వేగం చూసి, పీసు రేటు కట్టేటప్పుడు దాన్ని 1.2తో పెంచుతారు, కాస్త నెమ్మదిగా చేసేవాళ్లు కూడా గీత కిందికి పోకుండా. 92 నిమిషాలు అలా పెంచితే 110. గంటకు 70 చొప్పున 129 అవుతుంది. అంటే 130 అనే నా పాత రేటు ఒక్క మిషను పనికే సరిపోయేది! చేతిపనికి 30 నిమిషాలు పెంచితే 36, దానికి 42 అవుతుంది, 45 చేశాను. ఆ పని ఇప్పుడు ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. మధ్యాహ్నం పూట షాపులోనే కూర్చుని చేయడానికి ఇంకొకామె వస్తోంది, ఆమె గంటలూ రాస్తున్నాం. ఖాళీ సేపుకూ ఆల్టరేషన్లకూ గంటకు 70 ఇస్తున్నాను. ఇది పంచితే బ్లౌజుకు 21 రూపాయల పైన పడుతుంది. మీరు అడిగిన 70లో 45 చేతిపనిది, ఇంచుమించు 22 ఈ ఖాళీ గంటలది, మిగిలిన మూడూ దారానికీ హుక్కులకూ. నా లాభం పెరగలేదు.

ఇప్పుడు ఆవిడకు అదే 26 బ్లౌజులకు 3,380, ఎనిమిది గంటలకు 560, కలిపి 3,940 వస్తోంది, అదీ 48 గంటలకే.

ఇందులోనూ నేనొక తప్పు చేశాను. సగటు తీసుకోవాల్సింది పోయి, అందరికన్నా వేగంగా కుట్టే మనిషి టైము పట్టుకుని రేటు కట్టాను. రెండేళ్ల క్రితం చేరిన అమ్మాయికి బ్లౌజుకు దాదాపు రెండు గంటలు పడుతుంది. కొత్త రేటు పెట్టిన మొదటి వారం తను 20 కుట్టింది. 2,600కు 560 కలిపితే 3,160. 48 గంటలకు గంటకు 70 చొప్పున 3,360 రావాలి. ఆ 200 తేడా శనివారం కవర్‌లో కలిపి ఇచ్చాను. తన చేయి తిరిగేదాకా ఏ వారం తగ్గితే ఆ వారం ఇస్తాను. ఇది మీ బిల్లు మీద పడదు.

రేటు విని ఇద్దరు ముగ్గురు పక్క వీధికి వెళ్లారు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. ఈ నెలాఖరు లోపు బట్ట ఇచ్చినవాళ్లకు పాత 450కే కుట్టిస్తాను, ఆ తేడా నాది. శ్రావణమాసం బ్లౌజులకు కనీసం పది రోజుల ముందు రండి. వచ్చేటప్పుడు ఆది మర్చిపోకండి, లైనింగ్ ఏ రంగో కూడా అప్పుడే చెప్పేయండి.