కళ్లు చదవడం వేరు, కష్టం చూడడం వేరు

సంపాదకులు గారికి,

కథలు చదివితే మనసు విశాలమవుతుందని మా నల్లగొండలో ప్రతి పుస్తకావిష్కరణలోనూ వింటాను. నేనూ నమ్ముతాను, కానీ రుజువు అనుకున్నంత గట్టిది కాదు. 2013లో కిడ్, కస్టానో అనే పరిశోధకులు సైన్స్ పత్రికలో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు: కొందరితో సాహిత్య కథ కాసేపు చదివించి, తర్వాత 36 ఫొటోల్లో కళ్లు మాత్రమే చూపించి, ఆ మనిషి ఏ భావంలో ఉన్నాడో నాలుగు మాటల్లోంచి ఎంచుకోమన్నారు. కథ చదివినవాళ్లకు మార్కులు కాస్త ఎక్కువొచ్చాయి. 2016లో వేరే బృందాలు మళ్లీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. 2018లో పద్నాలుగు అధ్యయనాలు కలిపి లెక్కేస్తే ప్రభావం ఉంది, చాలా చిన్నది.

అసలు నా అనుమానం ఆ పరీక్ష మీదే. ఎదుటివాడి కళ్లలో భయం గుర్తుపట్టడం వడ్డీ వ్యాపారికీ బాగానే వస్తుంది కదా, దాంతో జాలి పుట్టాలని లేదు. పాలమూరు నుంచి వలసపోయిన కుటుంబం కథ చదివి నేను ఏడ్చాను. ఆ వారమే మా ఇంటి పనికొచ్చిన పాలమూరు కూలీ అడ్వాన్స్ అడిగితే, పని కాకముందే ఎందుకని విసుక్కున్నాను. రాత్రికి ఆ కథలో తల్లి గుర్తొచ్చింది, పొద్దున్నే డబ్బులిచ్చాను. కథ ఆలస్యంగానైనా పనిచేసిందనే అనుకుంటున్నాను. అయితే ఆ కథ చదవకపోయినా మా అమ్మ రాత్రే ఇచ్చేది, ఆమెకు చదువు రాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నల్లగొండ