ఎంసీబీ పదేపదే పడిపోతుంటే పెద్దది బిగించడం పరిష్కారం కాదు

అయ్యా,

గుంటూరు బ్రాడీపేటలో మేము అద్దెకుంటున్న ఫ్లాట్‌లో వంటింటి ఎంసీబీ, అంటే విద్యుత్ భారం మించితే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్, కొన్నాళ్లుగా రోజూ ఉదయం వంట వేళకే పడిపోతూ వచ్చింది. యజమాని పంపిన ఎలక్ట్రీషియన్ 16 ఆంపియర్ల ఎంసీబీని తీసేసి 32 ఆంపియర్లది బిగించి, "ఇక పడదమ్మా" అని చెప్పి వెళ్లాడు. అన్నట్టుగానే అది మళ్లీ పడలేదు కానీ, గోడలో ఉన్న పాత తీగ మాత్రం మారలేదు. ఎంసీబీ ఉన్నది ఆ తీగను కాపాడటానికే. తీగ 32 ఆంపియర్లు మోయలేనిదైతే, ఎంసీబీ కదలకముందే తీగ తొడుగు కాలడం మొదలుకావచ్చు.

అసలు కారణం కాగితం మీద లెక్క వేస్తే దొరికింది. ఆ వేళకు 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1500 వాట్ల కెటిల్, 1200 వాట్ల ఓవెన్ కలిసి నడుస్తున్నాయి. మొత్తం 4700 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 20 ఆంపియర్లు దాటుతుంది. ఇలా కొద్దిపాటి అధిక భారానికి ఎంసీబీ వెంటనే పడదు. లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మాకు దాదాపు పది నిమిషాలకు పడేది. అలా కాకుండా పైకెత్తిన క్షణంలోనే పడిపోతే అది షార్ట్ సర్క్యూట్ కావచ్చు. అప్పుడు మళ్లీ మళ్లీ ఎత్తి చూడకూడదు.

ఎంసీబీ పడలేదు కదా అని సాకెట్ క్షేమంగా ఉన్నట్టు కాదన్నది చాలామందికి తెలియని సంగతి. చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే చేసినది. దానికి ఎక్స్‌టెన్షన్ తగిలించి కెటిల్‌తోపాటు మిక్సీ నడిపితే 9 ఆంపియర్లు దాటవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మా సాకెట్‌లో కుడివైపు రంధ్రం అంచు గోధుమరంగుకు తిరిగింది, ప్లగ్ తీస్తే పిన్ను నల్లబడి ఉంది, దగ్గరికి వెళ్తే ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. ప్లగ్ వదులుగా ఊగడం, చిటపట శబ్దం కూడా ఇలాంటి గుర్తులే. వీటిలో ఏది కనిపించినా ప్లగ్‌ను పట్టి లాగకుండా, ముందు మెయిన్ బోర్డులో సరఫరా ఆపాలి. ప్లేటు వేడిగా ఉందేమో చూడాలంటే ఆ తర్వాతే పొడిచేతి వెనుక భాగంతో తాకాలి. సాకెట్ విప్పడం ఎలక్ట్రీషియన్ పని.

మేము పట్టుబట్టి 16 ఆంపియర్ల ఎంసీబీనే తిరిగి పెట్టించుకున్నాం, కాలిన సాకెట్ మార్పించాం, ఓవెన్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ లాగించాం. అద్దె ఇళ్లలో తీగ మందం చూడకుండా ఎంసీబీ సైజు పెంచే పద్ధతిని యజమానులు, అపార్ట్‌మెంట్ సంఘాలు మాన్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు