సీసా ఫొటోలో 8 కాస్తా 3 అయింది

అన్నలూ, అక్కలూ, స్టాకు ఎక్కించేటోళ్లు ఇది జర చూడుండ్రి.

నిన్న ఎనుమాముల దిక్కు షాపులో పత్తి మందు పావు లీటరు సీసా ఫొటో తీస్తే, యాప్ తయారీ తేదీ 03/2024 అని ఎక్కించింది. గడువు 07/2026. లెక్కేస్తే 29 నెలలు. అదే పెట్టెలోని మిగతా సీసాలకు 24 నెలలే ఉన్నది. అనుమానమొచ్చి సీసా చేతిలోకి తీసుకున్న. అసలు తేదీ 08/2024! ఫ్లాష్ మెరుపు 8కి ఎడమ అంచు మీద పడి గీత తెల్లగా మాయమైంది, మిగిలింది 3.

యాప్ ముందు అక్షరాల వరుసలు వెతుకుతది, తర్వాత ఒక్కో ఆకారం పోల్చి చదువుతది. మాటలైతే పక్క అక్షరాలను బట్టి సర్దుకుంటది. అంకెలకు ఆ ఆసరా లేదు, 03 కూడా నెలే కదా.

ఫ్లాష్ ఆపి, సీసాను కొంచెం వంచి తీయుండ్రి. గుండ్రటి సీసా అంచుల్లో అక్షరాలు నొక్కుకుపోతయి, తేదీ సరిగ్గా ఎదురుగా రావాలె. సన్న అచ్చుకు ఫోన్ మరీ దగ్గర పెడితే మసకొస్తది. జానెడు దూరం నుంచి 2x జూమ్ నయం.

బ్యాచ్ నంబరుకు ఈ నెలల లెక్క పనిచెయ్యదు. ఒకరు సీసా చూసి చదవాలె, ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూడాలె.